సిగ్నల్ నిండుగా ఉన్నా టీవీకి నెట్ ఎందుకు రాదు?

టీవీలో వైఫై గీతలన్నీ నిండుగా ఉంటాయి. పక్కనే No internet అనో Limited connectivity అనో కనిపిస్తుంది. అదే వైఫై మీద ఫోనులో వీడియో మాత్రం చక్కగా నడుస్తుంది. టీవీ పాడైందని కంగారుపడక్కర్లేదు. ఆ గీతలు చెప్పేది టీవీకీ రౌటర్‌కీ మధ్య సిగ్నల్ బాగుందని మాత్రమే. నెట్ రావాలంటే ఇంట్లో ఇంకే పరికరానికీ లేని ఐపీ అడ్రస్ టీవీకి ఉండాలి.

ఈ అడ్రస్‌లు పంచేది రౌటరే. ఆ పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. టీవీ వైఫైలో చేరగానే అడ్రస్ అడుగుతుంది. రౌటర్ తన వరుసలో ఖాళీగా ఉన్నదాన్ని కొంత గడువుకు ఇచ్చి, ఎవరికిచ్చిందో రాసుకుంటుంది. తాను ఇవ్వని అడ్రస్ ఎవరైనా వాడుకుంటే ఆ జాబితాలో ఉండదు. చిక్కంతా అక్కడే.

ఒక ఇంట్లో సీసీ కెమెరాలు బిగించి, డీవీఆర్‌కు 192.168.1.5 అని చేత్తో సెట్ చేశారనుకుందాం. రౌటర్ పంచే వరుస 192.168.1.2 నుంచి 192.168.1.254 దాకా ఉంది. కరెంటు పోయి వచ్చింది. డీవీఆర్ ఇంకా ఆన్ కాకముందే టీవీ అడ్రస్ అడిగింది. 5వ అడ్రస్‌లో ఎవరూ పలకలేదు కాబట్టి రౌటర్ దాన్నే ఇచ్చేసింది. కాసేపటికి డీవీఆర్ కూడా అదే అడ్రస్‌తో లేచింది. ఇక టీవీకి రావాల్సిన సమాచారం ఒకసారి టీవీకి, ఒకసారి డీవీఆర్‌కు పోతుంది. అందుకే నెట్ వచ్చి పోతుంటుంది, ఫోనులో కెమెరా దృశ్యాలూ ఆగిపోతుంటాయి.

నిర్ధారించుకోవడం తేలికే. టీవీ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ వివరాలు తెరిచి ఐపీ అడ్రస్ చూడండి. అది 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని, టీవీ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు రౌటర్‌ను, తర్వాత టీవీని ఆపి మళ్లీ ఆన్ చేయాలి. అలాకాక 192.168.1.5 అని ఉంటే డీవీఆర్ నెట్ కేబుల్ తీసి, టీవీని వైఫైకి మళ్లీ కలపండి. నెట్ నిలకడగా వస్తే తగవు ఆ రెండింటి మధ్యే. ఫోనుకు కూడా నెట్ లేకపోతే మాత్రం లోపం రౌటర్‌లోనో, బయటి లైనులోనో వెతకాలి.

టీవీని రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి నెట్ వస్తుంది గానీ, మరోసారి కరెంటు పోతే కథ మళ్లీ మొదటికొస్తుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ వరుసను 192.168.1.100 నుంచి మొదలయ్యేలా మార్చండి. ఆ పేజీ అడ్రస్ సాధారణంగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. తర్వాత టీవీలో వైఫైని మరిచిపోయేలా చేసి మళ్లీ కలిపితే 100 పైన కొత్త అడ్రస్ వస్తుంది. ఇకపై ఎవరు కెమెరాలో ప్రింటరో బిగించినా, చేత్తో పెట్టే అడ్రస్ 100 లోపే ఉండాలని వాళ్లకు ముందే చెప్పండి.