జీతంలో కోసిన పన్నును మళ్ళీ కట్టమంటే?

నెల జీతం మీద బ్రతికే కుటుంబానికి ఆదాయపు పన్ను శాఖ నుండి నోటీసు వచ్చిందంటే ఆ పూట ఎవరికీ అన్నం సహించదు. "మనం ఏమి దాచాము? ఎవరిని మోసం చేశాము?" అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కొందరు భయపడి, అడిగినంతా వెంటనే కట్టివేస్తారు. మరికొందరు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి మరచిపోవాలని చూస్తారు. ఈ రెండూ నష్టమే.

ఉద్యోగులకు వచ్చే నోటీసులు పలు రకాలు. వాటిలో మనసును ఎక్కువగా బాధపెట్టేది ఒకటి ఉంది. యజమాని ప్రతి నెలా జీతంలో పన్ను కోసుకొని, ఆ సొమ్మును ప్రభుత్వానికి జమ చేయనప్పుడు ఉద్యోగికి వచ్చే నోటీసు అది. కట్టిన పన్నునే మళ్ళీ కట్టమని అడుగుతుంది. దానిని ఎలా చదవాలో, ఏ గడువులో ఏమి చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక అధ్యాపకురాలి లెక్క

ఒక సహోదరి ప్రైవేటు కళాశాలలో అధ్యాపకురాలు అనుకుందాం. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఆమె జీతం 9,50,000 రూపాయలు. కొత్త పన్ను విధానంలో ప్రామాణిక తగ్గింపు 50,000 పోగా 9,00,000 మిగిలింది. దీనిపై పన్ను 45,000, సెస్సు 1,800, మొత్తం 46,800 రూపాయలు. కళాశాల వారు నెలకు 3,900 చొప్పున పన్నెండు నెలలూ కోసుకున్నారు. ఆమె 2024 జూలైలో గడువులోపలే రిటర్ను దాఖలు చేసి, కట్టవలసింది ఏమీ లేదని నిశ్చింతగా ఉంది.

2024 డిసెంబరు 10న ఈమెయిలులో సెక్షన్ 143(1) కింద ఒక సమాచార పత్రం వచ్చింది. 26,690 రూపాయలు కట్టాలని అందులో ఉంది. భర్త అన్నాడు, "ఎందుకు వచ్చిన గొడవ, అప్పు చేసైనా కట్టేద్దాం." ఆమె మాత్రం ముందు ఆ పత్రాన్ని పూర్తిగా చదవాలని నిశ్చయించుకొంది. ఆమె చేసినది సరియైన పని.

ముందుగా నోటీసు నిజమైనదో కాదో చూసుకోవాలి. 2019 అక్టోబరు 1 నుండి ఆదాయపు పన్ను శాఖ పంపే ప్రతి పత్రం మీదా ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. శాఖ వెబ్‌సైటు incometax.gov.in లో "Authenticate Notice/Order Issued by ITD" అనే చోట ఆ సంఖ్య వేస్తే, పత్రం శాఖదో, మోసగాళ్ళదో తెలిసిపోతుంది. ఈమెయిలులో వచ్చిన పత్రం తెరవడానికి చిన్న అక్షరాలలో పాన్ సంఖ్య, దాని వెంట పుట్టిన తేదీ, నెల, సంవత్సరం కలిపి వేయాలి.

రెండు వరుసలు పక్కపక్కన

143(1) పత్రం నేరారోపణ కాదు. బెంగళూరులోని కేంద్రంలో కంప్యూటరు రిటర్నును సరిచూసి పంపే లెక్క అది. అందులో రెండు వరుసలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి మనము ఇచ్చిన లెక్క, రెండవది శాఖ వేసిన లెక్క. పై నుండి క్రిందికి చదువుతూ, రెండు వరుసలూ ఎక్కడ విడిపోయాయో అక్కడ వేలు పెట్టండి. తగాదా అంతా ఆ ఒక్క చోటనే ఉంటుంది.

మన సహోదరి పత్రంలో జీతం, తగ్గింపు, పన్ను రెండు వైపులా ఒకటే. "మూలంలో కోసిన పన్ను" దగ్గర మాత్రం ఆమె వైపు 46,800, శాఖ వైపు 23,400 ఉన్నాయి. అంటే ఆరు నెలల కోత శాఖ ఖాతాకు చేరలేదు. ఆ 23,400 ను ఆమె ముందస్తు పన్నుగా కట్టి ఉండవలసిందని కంప్యూటరు భావించింది. కనుక సెక్షన్ 234బి కింద ఏప్రిల్ నుండి డిసెంబరు వరకు తొమ్మిది నెలలకు నూటికి ఒక రూపాయి చొప్పున 2,106 వడ్డీ వేసింది. ముందస్తు వాయిదాలు తప్పినందుకు సెక్షన్ 234సి కింద మరో 1,179 కలిపింది. మొత్తం 26,685. దానిని దగ్గరి పదికి సవరించగా 26,690 అయింది. అసలు తేడా పోతే దాని మీద పుట్టిన రెండు వడ్డీలూ పోతాయి.

లోపం ఎక్కడ ఉందో కనిపెట్టడం

ఇప్పుడు వెబ్‌సైటులో ఫారం 26ఎఎస్ తీసి చూడాలి. మన పాన్ పేర ఎవరు ఎంత పన్ను జమ చేశారో చూపే ఖాతా ఇది. ప్రతి పద్దు ఎదుట ఒక అక్షరం ఉంటుంది. "F" ఉంటే సొమ్ము చేరి సరిపోయింది. "U" ఉంటే యజమాని లెక్క ఇచ్చాడు గాని, దానికి సరిపోయే చెల్లింపు దొరకలేదు. ఒక త్రైమాసికం పద్దులు అసలే కనబడకపోతే, యజమాని ఆ త్రైమాసికపు లెక్క దాఖలు చేయలేదనో, మన పాన్ తప్పు వేశాడనో అర్థం.

ఈమె ఖాతాలో సెప్టెంబరు వరకు అన్నీ "F". అక్టోబరు నుండి మార్చి వరకు ఖాళీ. కాని కళాశాల ఇచ్చిన ఫారం 16లో మాత్రం 46,800 అని టైపు చేసి ఉంది! ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫారం 16 మొదటి భాగాన్ని యజమాని ప్రభుత్వపు ట్రేసెస్ వెబ్‌సైటు నుండి దించి ఇవ్వాలి. అక్కడ జమ అయిన సొమ్మే అందులో కనిపిస్తుంది. కార్యాలయంలో టైపు చేసి ముద్ర వేసి ఇచ్చిన కాగితాన్ని చూసి నమ్మి ఊరుకోకూడదు.

ముప్పది రోజులలో చేయవలసినవి

143(1) పత్రంలో బాకీ చూపితే అది సెక్షన్ 156 కింద డిమాండు నోటీసుతో సమానం. అందిన ముప్పది రోజులలో కట్టాలి లేదా కారణం చెప్పాలి. ఆ గడువు దాటితే సెక్షన్ 220(2) కింద నెలకు నూటికి ఒక రూపాయి వడ్డీ మొదలవుతుంది. ఈమె విషయంలో అది నెలకు సుమారు 266 రూపాయలు. కనుక ఆమె మూడు పనులు చేయాలి.

మొదటిది, వెబ్‌సైటులో "Response to Outstanding Demand" అనే చోట జవాబు ఇవ్వాలి. అక్కడ "Demand is correct" అని ఎంచుకుంటే తరువాత కాదనే వీలుండదు. ఆమె ఎంచుకోవలసినది "Disagree with demand". కోత చూపే జీతపు చీటీలు, చేతికి వచ్చిన జీతం చూపే బ్యాంకు పాసుబుక్కు పేజీలు, ఫారం 16 దగ్గర ఉంచుకొని కారణం వ్రాయాలి.

రెండవది, కళాశాలకు వ్రాతపూర్వకంగా ఉత్తరం ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. ఏ నెలల కోత ఎంత, ఏ త్రైమాసికాలు ఖాళీగా ఉన్నాయి అన్నది అంకెలతో వ్రాయాలి. పాన్ తప్పు పడితే యజమాని సవరణ లెక్క దాఖలు చేస్తే చాలు. సొమ్మే జమ కాకపోతే, వడ్డీతో సహా జమ చేసి లెక్క దాఖలు చేయాలి. పద్దు 26ఎఎస్‌లో కనబడిన తరువాత ఆమె సెక్షన్ 154 కింద సవరణ కోరుతూ "Reprocess the return" ఎంచుకుంటే, డిమాండు రద్దవుతుంది.

మూడవది, అప్పీలు గడువు తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. సవరణ కోరడానికి ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన తరువాత నాలుగు సంవత్సరాల వ్యవధి ఉంది. ఈమెకు 2029 మార్చి 31 వరకు. అప్పీలుకు మాత్రం ముప్పది రోజులే. సవరణ దరఖాస్తు పెట్టినంత మాత్రాన అప్పీలు గడువు ఆగదు. యజమాని మొండికేసేలా కనబడితే ఫారం 35లో అప్పీలు వేసుకోవడం మంచిది. ఈమె ఆదాయానికి రుసుము 1,000 రూపాయలు.

కళాశాల మూతపడితే?

అప్పుడు ఉద్యోగికి అండగా నిలిచేది సెక్షన్ 205. మూలంలో పన్ను కోసిన మేరకు, ఆ పన్నును మళ్ళీ ఉద్యోగినే కట్టమని అడగకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. 2007లో బొంబాయి హైకోర్టు సరిగ్గా ఇటువంటి ఉద్యోగి విషయంలోనే, యజమాని జమ చేయకపోతే శాఖ యజమాని నుండే వసూలు చేసుకోవాలని తీర్పు చెప్పింది. ఇటువంటి డిమాండ్లను బలవంతంగా వసూలు చేయవద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015 జూన్ 1న, మళ్ళీ 2016 మార్చి 11న తన అధికారులకు వ్రాసింది. తన పరిధిలోని పన్ను అధికారికి ఇచ్చే దరఖాస్తులో ఆమె వీటిని ప్రస్తావించాలి.

దీనికీ హద్దులున్నాయి. కోత నిజంగా జరిగిందని ఋజువు చూపాలి. యజమాని అసలు కోయనే లేదంటే ఈ సెక్షన్ వర్తించదు, పన్ను ఉద్యోగే కట్టాలి. ఇంకా, డిమాండు కంప్యూటరులో మిగిలిపోతే, మరుసటి సంవత్సరం రావలసిన రిఫండును సెక్షన్ 245 కింద దానికి సర్దుతామని మరో నోటీసు రావచ్చు. దానికి జవాబు ఇవ్వడానికి 21 రోజులే గడువు. అలా సర్దడం కూడా పరోక్షంగా వసూలు చేయడమేనని 2023లో ఢిల్లీ హైకోర్టు తప్పుపట్టింది. కనుక ఆ నోటీసుకు కూడా మౌనంగా ఉండక "అంగీకరించను" అని జవాబు ఇవ్వాలి.

పాఠశాలలు, ఆసుపత్రులు నడిపే కమిటీలలో ఉన్న మన పెద్దలకు ఒక మాట. సిబ్బంది జీతంలో కోసిన పన్ను సంస్థ సొమ్ము కాదు. దానిని మరమ్మతులకు, కరెంటు బిల్లుకు వాడుకొని తరువాత కడదామనుకుంటే, సెక్షన్ 201(1ఎ) కింద నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ పడుతుంది. ఆ పైన సిబ్బంది ఇళ్ళకు నోటీసులు వెళతాయి.

ఇక్కడ చెప్పిన సెక్షన్లు 1961 నాటి చట్టానివి. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి అమలు. ఆ తేదీ తరువాతి ఆదాయానికి సెక్షన్ల సంఖ్యలు మారతాయి. అంతకు ముందు సంవత్సరాల ఆదాయం మీద వచ్చే నోటీసులకు పాత సంఖ్యలే వర్తిస్తాయి.

ఈ కష్టాన్ని ముందే పసిగట్టే ఉపాయం ఒకటే. ఫారం 16 చేతికి వచ్చేదాకా ఆగకుండా, మూడు నెలలకు ఒకసారి మీ పన్ను ఖాతా తీసి, జీతపు చీటీలోని కోతతో పోల్చి చూడండి. యజమాని త్రైమాసికపు లెక్క ఇవ్వడానికి, అది ఖాతాకు ఎక్కడానికి కొన్ని వారాలు పడుతుంది. ఏప్రిల్, మే, జూన్ కోతలు ఆగస్టు చివరికి కూడా కనబడకపోతే, అప్పుడే కార్యాలయానికి వెళ్ళి అడగండి. మన సహోదరి ఆ పని చేసి ఉంటే, అక్టోబరు నుండి డిసెంబరు వరకు కోసిన 11,700 జమ కాలేదని ఉద్యోగంలో ఉండగానే, కళాశాల నడుస్తుండగానే తెలిసి ఉండేది.