‘డిస్పైట్’ పక్కన ఏముంది?

‘సర్వర్ పనిచేయకపోయినా పని పూర్తి చేశాం.’ తెలుగులో ఆ చివరి ‘నా’ ఒక్కటి చాలు, విషయం అర్థమైపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ముందు ఏ మాట వాడామన్నదాన్ని బట్టి వెనకాల రాసేది మారిపోతుంది.

ఆఫీసు మెయిల్స్‌లో తరచూ కనిపించే వాక్యం చూడండి: ‘డిస్పైట్ ద సర్వర్ వాజ్ డౌన్, వుయ్ ఫినిష్డ్ ద వర్క్.’ తప్పు ఎక్కడుందో పట్టుకోవాలంటే కామా దాకా క్రియ కోసం వెతకండి. ‘వాజ్’ దొరికింది కదా! కర్త, క్రియ రెండూ ఉంటే అక్కడ ‘ఆల్దో’ రావాలి: ‘ఆల్దో ద సర్వర్ వాజ్ డౌన్’.

డిస్పైటే కావాలంటే ఆ ‘వాజ్’ పోవాలి. దాని పక్కన నామవాచకమో, ‘ఇంగ్’ రూపమో ఉండాలి: ‘డిస్పైట్ ద సర్వర్ ప్రాబ్లమ్’, లేదా ‘డిస్పైట్ ద సర్వర్ బీయింగ్ డౌన్’. ‘ఇన్ స్పైట్ ఆఫ్’కీ ఇదే రూలు. కాకపోతే ‘ఆఫ్’ దానికే సొంతం, ‘డిస్పైట్ ఆఫ్’ అనేది లేదు. అలాగే ఆల్దోతో మొదలుపెట్టాక మధ్యలో మళ్లీ ‘బట్’ అక్కర్లేదు.

మరి ‘వేరాజ్’? దానికి రెండు వైపులా పూర్తి వాక్యాలే కావాలి: ‘రవి లైక్స్ టీ, వేరాజ్ సీత లైక్స్ కాఫీ.’ ఇక్కడ అడ్డంకి ఏమీ లేదు, పోలిక మాత్రమే. తెలుగులో ‘సీతకి మాత్రం’ అని వస్తే వేరాజ్, ‘అయినా’ అని వస్తే ఆల్దో.