కణంలో తిరిగే ఛార్జర్

మధ్యాహ్నం తిన్న అన్నం పేగుల్లో అరిగి, గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. సాయంత్రం మీరు పరుగు పందెంలో నిలబడేసరికి తొడ కండరాల దగ్గర ఆ గ్లూకోజ్ సిద్ధంగానే ఉంటుంది. కానీ కండరం దాన్ని నేరుగా వాడుకోలేదు. దానికి కావలసింది ఏటీపీ, అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్.

ఏటీపీని మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే బ్యాటరీ అనుకోండి. దాని తోకలో మూడు ఫాస్ఫేట్లు వరుసగా ఉంటాయి. మూడింటికీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. నీటితో చర్య జరిగి చివరి ఫాస్ఫేట్ విడిపోతే ఏడీపీ మిగులుతుంది. విడిపోయాక రెండు ముక్కలూ మునుపటికంటే నిలకడగా ఉంటాయి, ఆ తేడాయే శక్తిగా బయటికొస్తుంది. బంధం తెగడం వల్లే శక్తి పుడుతుందని చాలామంది రాస్తారు. అది తప్పు. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి ఖర్చవుతుంది.

ఈ పదార్థం బయటపడిన కథలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆయనా, సైరస్ ఫిస్కే కలిసి ఫాస్ఫేట్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరం నుంచి తీసిన రసాన్ని అలా పరీక్షిస్తే రంగు వెంటనే రాలేదు, మెల్లమెల్లగా ముదిరింది. ఏదో ఒక పదార్థం ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉండి, కొద్దికొద్దిగా వదులుతోందన్నమాట. ఆ ఆలస్యాన్ని వాళ్లు తీసిపారేయలేదు. దాని వెంటపడి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. 1929లో కండరంలోనే ఏటీపీని కూడా కనుక్కున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్నే కనుక్కున్నాడు.

ఈ రెండు పదార్థాలూ పందెంలో ఎలా పనికొస్తాయో చూడండి. విజిల్ ఊదగానే కండరంలో అప్పటికే ఉన్న ఏటీపీతో పరుగు మొదలవుతుంది. అది రెండు మూడు సెకన్లకు మించి సరిపోదు. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఏడీపీకి ఇచ్చి మళ్లీ ఏటీపీగా మారుస్తుంది. దాంతో ఇంకొన్ని సెకన్లు గడుస్తాయి. ఆ తర్వాతి భారమంతా ఆహారానిదే.

పెద్దవాళ్ల ఒంట్లో ఏ క్షణాన చూసినా వంద గ్రాములకు మించి ఏటీపీ ఉండదు. రోజంతా వాడే ఏటీపీ మాత్రం దాదాపు మన బరువంత. ఒకే అణువు రోజుకు వందల సార్లు ఖాళీ అయి, మళ్లీ నిండుతుందన్నమాట.

మరి నింపేది ఎవరు? గ్లూకోజ్ కణద్రవంలో రెండుగా విడిపోయినప్పుడు మిగిలే ఏటీపీ రెండే. అసలు పని మైటోకాండ్రియాలో జరుగుతుంది. అక్కడ ఆ ముక్కల నుంచి ఎలక్ట్రాన్లు ఒక్కో ప్రోటీన్ మీదుగా దాటుకుంటూ చివరికి ఆక్సిజన్‌ను చేరి నీరవుతాయి. మనం పీల్చే గాలికి అక్కడే పని. ఆ ప్రయాణంలో వచ్చే శక్తితో లోపలి పొర అవతలికి ప్రోటాన్లు తరలిపోతాయి. అవతల కిక్కిరిసిన ప్రోటాన్లు మళ్లీ ఇవతలికి రావాలంటే ఏటీపీ సింథేజ్ అనే యంత్రం గుండా రావాలి. అలా వస్తూ వస్తూ దాని చక్రాన్ని తిప్పుతాయి.

యంత్రం, చక్రం అన్నవి నిజంగా ఉన్నవే. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ ప్రోటీన్ భాగాన్ని గాజు పలకకు బిగించి, మధ్యలోని ఇరుసుకు మెరిసే పోగు ఒకటి అతికించారు. ఏటీపీ పోయగానే ఆ పోగు గిర్రున తిరగడం మైక్రోస్కోప్‌లో కనిపించింది. కణంలో ఇదే ఇరుసు ఎదురు దిశలో తిరుగుతుంది, ఒక చుట్టుకు మూడు ఏడీపీలు ఏటీపీలవుతాయి. మన కణాల్లో అందుకు ఎనిమిది ప్రోటాన్లు దిగాలి. మొత్తం మీద ఒక గ్లూకోజ్ నుంచి సుమారు 30 ఏటీపీలు వస్తాయి, మిగతా శక్తి వేడి అవుతుంది. మన ఒళ్లు వెచ్చగా ఉండేది అందుకే.

ప్రోటాన్లు ఈ దారి తప్పించుకుంటే ఏమవుతుంది? డైనైట్రోఫినాల్ అనే రసాయనం సరిగ్గా ఆ పనే చేస్తుంది. అది ప్రోటాన్లను మోసుకుని పొరను అడ్డంగా దాటించేస్తుంది. చక్రం తిరగదు, ఆహారం మాత్రం తగలబడుతూనే ఉంటుంది, శక్తంతా వేడిగా పోతుంది. 1930లలో అమెరికాలో దీన్ని బరువు తగ్గించే మందుగా అమ్మారు. బరువు తగ్గింది నిజమే. కానీ మోతాదు కొంచెం మించితే జ్వరం ఆగకుండా పెరిగి ప్రాణం పోయేది, కొందరికి కళ్లలో శుక్లాలు వచ్చాయి. 1938లో అక్కడ దాన్ని మందుగా వాడకుండా ఆపేశారు. ఇంతవరకూ దానికి విరుగుడు మందు లేదు. అయినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. వారంలో సన్నబడతావంటూ ఎవరైనా పేరు చెప్పని మాత్ర చేతిలో పెడితే, దయచేసి వేసుకోకండి.