వెలిసిపోని రంగు మట్టిలోనే

ఊదారంగు వేసిన కొత్త మేడను రెండు వేసవులయ్యాక పడమటి వైపు నుంచి చూడండి. తూర్పు గోడ ఇంకా ఊదాగానే ఉంటుంది, పడమటి గోడ మాత్రం ఉతికి ఉతికి పాతబడిన చీరలా పాలిపోతుంది. పెయింటు కంపెనీదో, మేస్త్రీదో తప్పు అంటారు ఇంటివాళ్లు. చాలాసార్లు తప్పు ఎంచుకున్న రంగుదే.

పెయింటులో రంగునిచ్చే పొడి స్థూలంగా రెండు రకాలు. గులాబీ, ఊదా, నిమ్మపసుపు, మెరిసే నారింజ లాంటి వాటికి ఎక్కువగా కర్బన రసాయనాలు వాడతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వాటి అణువులను విరగ్గొడతాయి. కర్బన రంగుల్లోనూ గట్టివి ఉన్నాయి కానీ ధర ఎక్కువ. రెండోది ఇనుప ఆక్సైడ్ల జాతి. అరుగులకు అలికే జాజు, పసుపు మన్ను ఈ జాతివే. ఇనుము అప్పటికే తుప్పు పట్టి ఉంది కాబట్టి ఎండ దాన్ని కొత్తగా చెడగొట్టేదేమీ లేదు. గోధుమ, ఇటుక ఎరుపు, గంధం, బూడిద రంగులు నిలబడేది అందుకే.

లేత రంగైతే వెలవదనుకోవడం పొరపాటు. లేత గులాబీలో తెల్లపొడే ఎక్కువ, రంగుపొడి చిటికెడు. ఆ చిటికెడూ చెడితే మిగిలేది తెలుపే. అలాగని మరీ ముదురు రంగూ వద్దు. అది వేడిని పీల్చుకుంటుంది. పైగా ఎండకు పెయింటులోని జిగురు చెడి పైన తెల్లటి పొడి తేలితే ముదురు గోడ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాత గోడను అరచేత్తో రుద్ది చూస్తే ఆ పొడి చేతికి అంటుతుంది.

కాకినాడలో పడమటి ముఖంగా ఉన్న రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. ఎండతో పాటు వానా గట్టిగానే తగులుతుంది. అచ్చ తెలుపు వేస్తే పిట్టగోడ మీది దుమ్ము తొలి వానకే నల్లచారలై దిగుతుంది. ఇక్కడ మధ్యస్థమైన గంధం రంగు నయం. నేల నుంచి 2 అడుగుల ఎత్తు వరకు ఇటుక ఎరుపు పట్టీ వేస్తే వానకు చిందే బురద మరకలు అందులో కలిసిపోతాయి. పిట్టగోడ పైభాగం లోపలికి వాలుగా, సన్‌షేడ్ అంచు కింద నీరు తెగిపడేలా సన్నని గాడితో ఉండాలి. ఇవి లేకపోతే ఏ రంగైనా చారలు కడుతుంది. కొత్త సిమెంటు గోడైతే కనీసం 28 రోజులు ఆగి, తడి పూర్తిగా ఆరాకే ప్రైమర్ వేయాలి. పచ్చి సిమెంటులోని క్షారం కూడా కొన్ని రంగులను తినేస్తుంది.

దుకాణంలో షేడ్ కార్డు చూసి ఊరుకోకుండా, ఆ షేడ్‌కు మిషన్‌లో ఏయే టింటర్లు పడతాయో అడగండి. ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్, నలుపు అంటే ధైర్యంగా తీసుకోవచ్చు. తొందర లేకపోతే సిమెంటు రేకు ముక్కకు ఆ రంగు వేసి, సగం నల్లకవరుతో గట్టిగా చుట్టి, వేసవంతా మేడ మీద పెట్టండి. కవరు విప్పాక రెండు సగాలకూ తేడా కనిపిస్తే ఆ షేడ్ మానేయండి.