మారని రేటుకు మళ్లీ ప్రచురణ ఎందుకు?

జర్మనీలో ఉద్యోగం చేస్తూ ఇంటికి డబ్బు పంపే తెలుగువాళ్లు తరచూ చూసుకునే అంకె ఒకటుంది: ఒక యూరోకు ఎన్ని రూపాయలు? ఎన్నో వెబ్‌సైట్లు, యాప్‌లు ఈ అంకెను ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు నుంచి తెచ్చుకుంటాయి. ఆ బ్యాంకు పనిదినాల్లో, అక్కడి సాయంత్రం 4 గంటల ప్రాంతంలో `eurofxref-daily.xml` అనే చిన్న ఫైలులో ఆ రోజు రేట్లు పెడుతుంది. అప్పుడు మనకు వాళ్ల చలికాలంలో అయితే రాత్రి 8.30, వేసవిలో అయితే 7.30. శని, ఆదివారాల్లో కొత్త రేటు రాదు. అన్నట్టు, ఇది సూచన కోసం ఇచ్చే రేటు మాత్రమే. డబ్బు పంపేటప్పుడు మీకు దొరికే రేటు వేరు.

ఒక చిన్న వెబ్‌సైటు ఈ ఫైలును గంటకోసారి తెచ్చుకుంటోందనుకుందాం. రేటు సరిగ్గా 4 గంటలకే వస్తుందన్న హామీ లేదు కాబట్టి గంటగంటకూ చూడటంలో తప్పు లేదు. అలా వారానికి 168 సార్లు చూస్తుంది. మామూలు వారంలో రేటు మారేది 5 సార్లే. చూసిన ప్రతిసారీ పేజీని మళ్లీ ప్రచురిస్తే 163 సార్లు చేసిన పని వృథా. వృథా ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. ప్రచురణతో పాటు జరిగేవి ఇంకా ఉంటాయి. పేజీ మీద "ఇప్పుడే సవరించాం" అన్న సమయం పడుతుంది, చందాదారుల ఫోన్లకు "కొత్త రేటు వచ్చింది" అన్న సందేశం వెళ్తుంది. ఆదివారం తెల్లవారుజామున 3 గంటలకు అలాంటి సందేశం చూసి లేచినవాడికి కనిపించేది శుక్రవారం రేటే. నా దృష్టిలో అసలు నష్టం అదే: పాఠకుడికి అబద్ధం చెప్పడం.

దీనికి మందు హ్యాష్. ఎంత పెద్ద సమాచారాన్నయినా ఒక లెక్కలో వేస్తే నిర్ణీత పొడవున్న చిన్న గుర్తు వస్తుంది. ఎక్కువమంది వాడే SHA-256 పద్ధతిలో ఆ గుర్తు 64 అక్షరాలుంటుంది. లోపల ఒక్క అంకె మారినా గుర్తు మొత్తం మారిపోతుంది, ఏమీ మారకపోతే ఎన్నిసార్లు లెక్కించినా అదే గుర్తు వస్తుంది. పోయినసారి ప్రచురించినప్పటి గుర్తును దాచుకుని, ఈసారి వచ్చినదానితో పోల్చితే చాలు. రెండూ ఒకటే అయితే ప్రచురణ జోలికి వెళ్లక్కర్లేదు.

చెప్పడానికి ఇంతే. చిక్కంతా దేనికి హ్యాష్ తీస్తున్నాం అన్న దగ్గర మొదలవుతుంది. వచ్చిన ఫైలును వచ్చినట్టే లెక్కలో వేయడం చాలామంది చేసే మొదటి పని. రేట్లిచ్చే కొన్ని సర్వీసులు ప్రతి జవాబులోనూ "ఈ జవాబు తయారైన సమయం" అని సెకన్లతో సహా రాస్తాయి. అప్పుడు రేటు మారకపోయినా హ్యాష్ ప్రతిసారీ మారుతుంది, 168కి 168 సార్లూ ప్రచురణ జరుగుతుంది. ఇంకోచోట కరెన్సీల వరుస ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది: ఇప్పుడు డాలరు ముందు, ఇంకోసారి రూపాయి ముందు. మనిషికి అది మార్పే కాదు, హ్యాష్‌కు మాత్రం పెద్ద మార్పు.

కాబట్టి ఫైలు నుంచి మనకు కావలసినవే తీసి, ఒకే క్రమంలో పేర్చి, అప్పుడు హ్యాష్ తీయాలి. తయారైన సమయాన్ని వదిలేయాలి. రేటు ఏ రోజుదో చెప్పే తేదీని మాత్రం వదలకూడదు. సోమవారం రూపాయి రేటు శుక్రవారం రేటుతో పైసా తేడా లేకుండా కలిసిందనుకోండి. తేదీని వదిలేస్తే ప్రోగ్రామ్ ఏమీ మారలేదనుకుంటుంది, పేజీ మీద శుక్రవారమే మిగిలిపోతుంది. ఒక తేదీ వార్త, ఇంకో తేదీ చెత్త. ఆ తేడా హ్యాష్‌కు తెలియదు, మనమే చెప్పాలి. పేజీ రూపురేఖలు మార్చినప్పుడూ ఇదే సమస్య: రేటు పాతదే కాబట్టి కొత్త రూపం బయటకు రాదు. అందుకని రూపానికి ఒక సంఖ్య ఇచ్చి దాన్నీ లెక్కలో కలపాలి.

```python
data = [PAGE_VERSION, rate_date, rates]
text = json.dumps(data, sort_keys=True)
new = hashlib.sha256(text.encode("utf-8")).hexdigest()
if new != old:
    publish()
    save(new)
log_check_time()
```

పైథాన్‌లో `hash()` అని చేతికందే సులువైన ఫంక్షన్ ఉంది కదా అని దాన్ని వాడకండి. 3.3 వెర్షన్ నుంచి అది అక్షరాల మాటలకు ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ వేరే సంఖ్య ఇస్తుంది. భద్రత కోసం కావాలనే అలా చేశారు. నిన్నటి గుర్తుతో ఇవాళ్టిది ఎన్నటికీ కలవదు.

పై ప్రోగ్రామ్‌లో `publish()` ముందు, `save(new)` తర్వాత ఉన్నాయి. ఈ వరుస తారుమారైతే జరిగేది చూడండి. మంగళవారం కొత్త రేటు వచ్చింది. ప్రోగ్రామ్ ముందుగా కొత్త గుర్తును దాచుకుంది. ప్రచురించబోయేసరికి నెట్‌వర్క్ తెగింది. గంట తర్వాత మళ్లీ చూస్తే గుర్తులు రెండూ ఒకటే, అందుకని ఏమీ మారలేదని వదిలేసింది. ఆ తర్వాత గంటా అంతే. పేజీ మీద సోమవారం రేటే నిలిచిపోతుంది, ఎక్కడా తప్పు జరిగినట్టు కనిపించదు. బుధవారం సాయంత్రం రేటు మారితే తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి కారణం పట్టుకోవడం ఇంకా కష్టం. ప్రచురణ పూర్తయ్యాకే గుర్తు దాచుకుంటే, మహా అయితే ఒకే పేజీ రెండుసార్లు ప్రచురితమవుతుంది. ఆ రెండింటిలో ఏది నయమో వేరే చెప్పక్కర్లేదు.

అంతకన్నా లోతైన చిక్కు నిశ్శబ్దం. "మారలేదు" అన్న జవాబుకు రెండు అర్థాలుంటాయి: నిజంగానే మారలేదు, లేదా మనకు అందడం లేదు. మధ్యలో ఏదో సర్వరు పాత కాపీనే పదేపదే ఇస్తున్నా హ్యాష్ కలుస్తుంది. ఖాళీ ఫైలు వచ్చినా, తప్పు జరిగిందని చెప్పే పేజీ వచ్చినా హ్యాష్ అభ్యంతరం చెప్పదు. అందుకే హ్యాష్ తీసేముందు ఫైలులో రూపాయి రేటు ఉందా, అది సున్నా కన్నా పెద్ద సంఖ్యేనా, తేదీ ఉందా అని చూడాలి. నేరుగా ఫైలుకే హ్యాష్ తీసే చోట ఒక ఆనవాలు గుర్తుంచుకోండి: గుర్తు `e3b0c442` అని మొదలైతే దాదాపు ఖాయంగా మీ చేతికొచ్చింది ఖాళీ ఫైలు. ఏమీ లేనిదానికి SHA-256 ఇచ్చే గుర్తు మొదలయ్యేది అలాగే.

ఎంతకాలం మారకపోతే అనుమానించాలన్నది ఆ సమాచారం నడక తెలిస్తేనే చెప్పగలం. ఈ బ్యాంకు గుడ్ ఫ్రైడేకు, ఈస్టర్ సోమవారానికి కూడా సెలవు. అంటే గురువారం సాయంత్రం పెట్టిన రేటే మంగళవారం సాయంత్రం దాకా, 5 రోజులు, న్యాయంగానే ఉంటుంది. హెచ్చరికను 2 రోజులకు పెట్టుకుంటే ప్రతి శని, ఆదివారాల తర్వాతా ఉత్తుత్తి గంట మోగి, చివరికి ఎవరూ పట్టించుకోరు. 6 రోజులు సరైన హద్దు. ఆఖరిసారి చూసిన సమయాన్ని ప్రతిసారీ లాగ్‌లో రాసుకోవాలి. దాన్ని పేజీలోకి, హ్యాష్ లెక్కలోకి తెచ్చారో, మళ్లీ గంటకో మార్పు మొదటికొస్తుంది.

మీ దగ్గర ఇలాంటి ప్రోగ్రామ్ నడుస్తుంటే ఇవాళే తెరిచి, గుర్తును దాచుకునే వరుస ప్రచురణకు ముందుందో తర్వాతుందో చూడండి.