కొండకు కొట్టే కాంక్రీటు ఎంత కావాలి?

ఘాట్ రోడ్డు వెడల్పు చేయడానికి కొండను చెక్కిన చోట, రాళ్లు జారకుండా బూడిద రంగు పూత కనిపిస్తుంది. అదే షాట్‌క్రీట్. సిమెంటు, ఇసుక, సన్న కంకర కలిపిన మాల్‌ను గాలి ఒత్తిడితో గొట్టంలోంచి రాతి మీదికి కొడతారు. చెక్క పలకలు అక్కర్లేదు, మాల్ తగిలిన చోటే పట్టుకుంటుంది. పని తేలికగానే కనిపిస్తుంది కానీ సరుకు ఎంత కావాలో చెప్పడం అంత తేలిక కాదు. డ్రాయింగు చూసి కట్టిన లెక్కకు, సైటులో నిజంగా ఖర్చయ్యేదానికి దాదాపు రెండింతల తేడా రావచ్చు. ఆ తేడా వచ్చిందని వెంటనే కాంట్రాక్టరును అనుమానించకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రోడ్డు పక్కన 40 మీటర్ల పొడవు, 13 మీటర్ల ఎత్తు ఉన్న ఏటవాలు. 100 మిల్లీమీటర్ల మందం కావాలి. పొడవును ఎత్తుతో, మందంతో గుణిస్తే 52 క్యూబిక్ మీటర్లు వస్తుంది. మొదటి పొరపాటు ఇక్కడే ఉంది. 13 మీటర్లు నిలువు ఎత్తు, కాంక్రీటు పూసేది వాలు మీద. వాలు 60 డిగ్రీలైతే, పైనుంచి కింది దాకా టేపు జార్చి కొలిస్తే 15 మీటర్లు ఉంటుంది. అంటే విస్తీర్ణం 520 కాదు, 600 చదరపు మీటర్లు.

అదీ రాయి బల్లలా చదునుగా ఉంటేనే. మందుగుండు పెట్టి పేల్చిన రాతి ముఖం నిండా గుంటలు, పొడుచుకొచ్చిన మొనలు ఉంటాయి. వాటి సంగతి తేల్చడానికి కొన్ని చోట్ల రాతి మీద తాడు లాగి కట్టి, దాని పక్కనే రాతి వంపుల వెంట మరో తాడు పరిచి, రెండు పొడవులూ పోల్చాలి. అడ్డంగానూ నిలువుగానూ ఇలా చూడాలి. పెద్ద పనుల్లో దీన్నే లేజర్ స్కానర్‌తో చేస్తారు. మన వాలు మీద విస్తీర్ణం పదిశాతం పెరిగిందనుకుందాం. అప్పుడు 660 చదరపు మీటర్లు.

మందంలోనూ చిక్కుంది. సగటున 100 మిల్లీమీటర్లు వేస్తే గుంటల్లో మాల్ ఎక్కువగా పేరుకుంటుంది, మొనల మీద పలచబడుతుంది. తర్వాత పగుళ్లు వచ్చేది, ఇనుప మెష్ బయటపడేది ఆ పలచని చోటనే. ఎక్కడా 100కు తగ్గకూడదంటే సగటు అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఈ రాతికి 20 మిల్లీమీటర్లు అదనం చాలనుకుంటే, 660ని 0.12తో గుణించగా 79.2 క్యూబిక్ మీటర్లు. కొండకు అంటుకుని నిలవాల్సింది ఇంత.

ఇక రాలిపోయేది. వేగంగా వచ్చే కంకర రాయికి తగిలి ఎగిరి కింద పడుతుంది. దీన్ని రిబౌండ్ అంటారు. పొడి మాల్‌ను గొట్టంలో పంపి, నాజిల్ దగ్గర నీళ్లు కలిపే పద్ధతిలో వాలు మీదా నిలువు గోడ మీదా ఇది సాధారణంగా 15 నుంచి 30 శాతం. సొరంగం పైకప్పుకైతే ఒక్కోసారి సగం దాకా పోతుంది. ముందే తడిపి పంపే పద్ధతిలో బాగా తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ఇరవై శాతం రాలుతుందంటే 79.2కు ఇరవై శాతం కలిపి 95 అని రాసేస్తారు. రాలేది గోడ మీద నిలిచినదానిలో ఇరవై శాతం కాదు, నాజిల్ నుంచి వెళ్లినదానిలో ఇరవై శాతం. వంద కొడితే ఎనభై నిలుస్తుంది. కాబట్టి 79.2ను 0.8తో భాగించాలి. జవాబు 99 క్యూబిక్ మీటర్లు. మనం మొదలుపెట్టిన 52 ఎక్కడ, ఈ 99 ఎక్కడ! అందులో దాదాపు 20 క్యూబిక్ మీటర్లు, అంటే సుమారు 45 టన్నులు, కొండ అడుగున రాలి పడుతుంది. దాన్ని ఎత్తిపోయడానికి కూడా ఖర్చు రాసుకోవాలి.

ఆ శాతాన్ని పుస్తకంలోంచి తీసుకోవడం కంటే సైటులో తేల్చుకోవడం మేలు. వాలు కింద టార్పాలిన్ పరిచి, తూచిన మాల్ కొట్టి, రాలినదాన్ని మళ్లీ తూచాలి. 500 కిలోలు కొడితే 100 కిలోలు రాలిందంటే ఇరవై శాతం. ఈ పరీక్ష మొదటి పొర మీద ఒక్కటే చేసి ఆపకూడదు. వట్టి రాతికి కొట్టినప్పుడు ఎక్కువ రాలుతుంది, మెత్తటి పొర ఏర్పడ్డాక తగ్గుతుంది. నాజిల్‌ను ముఖానికి నిటారుగా, సుమారు ఒక మీటరు దూరంలో పట్టే అనుభవజ్ఞుడి చేతిలో ఇంకా తగ్గుతుంది.

రాలిన మాల్‌లో ఎక్కువ భాగం కంకర, ఇసుక, సిమెంటు తక్కువ. దాన్ని ఎత్తి మళ్లీ యంత్రంలో వేయకూడదు. మూలల్లో, మెష్ వెనక అది చిక్కుకుపోతే అక్కడ పట్టు లేని ఇసుక పొర మిగులుతుంది. గట్టిపడ్డాక సుత్తితో తడితే బోలు శబ్దం వస్తుంది.

పని అయ్యాక ఇదే లెక్కను వెనక్కి నడిపి చూడవచ్చు. ఈ వాలుకు 60 క్యూబిక్ మీటర్లే ఖర్చయ్యాయని రికార్డు చెబితే, ఇరవై శాతం రాలగా నిలిచింది 48. దాన్ని 660 చదరపు మీటర్ల మీద పరిస్తే సగటు మందం 73 మిల్లీమీటర్లే. సరుకు ఆదా అయిందని సంతోషించే ముందు, మొనల మీద రంధ్రాలు వేసి మందం కొలవమని ఇంజినీరును అడగండి.