ఉద్యోగం పోయిందని చెప్పే పోస్టులో ఏముండాలి?

లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజో మర్నాడో చాలామంది లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్టు పెడతారు. ‘ఎనిమిదేళ్లు ప్రాణం పెట్టి పనిచేసిన కంపెనీ ఈ రోజు నన్ను వద్దంది. ఏం చేయాలో తోచడం లేదు. ఏ అవకాశం ఉన్నా దయచేసి చెప్పండి.’ సాయంత్రానికల్లా కింద వంద కామెంట్లు చేరతాయి. ధైర్యంగా ఉండండి, ఇంతకంటే మంచిది దొరుకుతుంది, అంతా మంచికే. రాసినవాళ్లందరిదీ నిజమైన అభిమానమే. అయినా ఆ వందమందిలో ఒక్కరు కూడా ఫలానా చోట ఖాళీ ఉందని చెప్పరు. చెప్పడానికి ఆ పోస్టు వాళ్లకు ఆధారమేమీ ఇవ్వలేదు. ఆయన ఏం పని చేసేవారో, ఏ ఊళ్లో కావాలో, ఎప్పుడు చేరగలరో అందులో లేదు.

ఇలాంటి పోస్టు వల్ల ఉద్యోగం దొరికితే, అది సాధారణంగా మనకు బాగా దగ్గరివాళ్ల ద్వారా దొరకదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన వ్యాసం ఈ విషయంలో పేరుపొందింది. బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించుకున్న వారిని ఆయన ఒక ప్రశ్న అడిగారు: ఆ మాట చెప్పిన మనిషిని అప్పట్లో మీరు ఎంత తరచుగా కలిసేవారు? తరచూ కలిసేవాళ్లమని చెప్పినవారు 100కి 17 మంది లోపే. మిగతావారికి ఆ కబురు చెప్పింది అప్పుడప్పుడు, లేదా ఎప్పుడో ఒకసారి కలిసే మనుషులు. కారణం అర్థమయ్యేదే. మన దగ్గరి స్నేహితులకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసే ఉంటాయి. పాత కంపెనీలో పక్క టీములో పనిచేసిన ఆయనకు, కాలేజీలో రెండేళ్లు సీనియరైన ఆవిడకు వేరే లోకం తెలుసు. లింక్డ్‌ఇన్‌లోనే 2 కోట్ల మంది పరిచయాల మీద జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. అవీ దాదాపు ఇదే చెప్పాయి. మరీ దగ్గరివారూ కాక, మరీ ముక్కూముఖం తెలియనివారూ కాక, కొద్దిపాటి పరిచయం ఉన్నవారి వల్లే ఉద్యోగం మారడం ఎక్కువగా జరిగింది.

కాబట్టి మన పోస్టు చదివి పనికొచ్చే మనిషికి మన సంగతి సగమే తెలుసు. మనం ఏం చేస్తామో ఆయనకు సరిగ్గా గుర్తుండదు. ఆయన దాన్ని తన మేనేజరుకు పంపితే, ఆ మేనేజరుకు మనం బొత్తిగా తెలియం. పోస్టు రాయవలసింది ఆ చివరి మనిషి కోసం. ఒక్క నిమిషంలో చదివి, ‘ఈవిడ మన టీముకు సరిపోతుందేమో చూద్దాం’ అని ఆయనకు అనిపించాలి.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒకావిడ అలాంటి పోస్టు రాస్తే ఇలా ఉండవచ్చు:

‘గత వారం మా కంపెనీ తీసేసిన టీముల్లో మాదీ ఒకటి. నేను టెస్టింగ్‌లో 8 ఏళ్లుగా ఉన్నాను. చివరి నాలుగేళ్లు పేమెంట్ యాప్‌లకు ఆటోమేషన్ టెస్టింగ్ చేశాను. సెలీనియం, జావా, ఏపీఐ టెస్టింగ్ తెలుసు. ప్రతి రిలీజుకు ముందు రెండు రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టులు మా టీము ఆరు గంటలకు తెచ్చింది. ఆ స్క్రిప్టుల్లో సగానికి పైగా నేను రాసినవే. సీనియర్ టెస్ట్ ఇంజినీర్ లేదా టెస్ట్ లీడ్ పని చూస్తున్నాను. బ్యాంకింగ్, ఇన్సూరెన్స్, పేమెంట్స్ రంగాలైతే మేలు. హైదరాబాద్, లేదా ఇంటినుంచి. వెంటనే చేరగలను. మీ కంపెనీలో ఇలాంటి ఖాళీ ఉంటే జాబ్ ఐడీ పంపండి. టెస్టింగ్ టీము నడిపేవారు ఎవరైనా తెలిస్తే పరిచయం చేయండి.’

ఉద్యోగం పోయిన సంగతి ఇందులో ఒక్క వాక్యంతో అయిపోయింది. దాచలేదు, సాగదీయలేదు, పాత కంపెనీని తిట్టలేదు. వెళ్లేటప్పుడు ఇచ్చే డబ్బుకు సంతకం పెట్టించుకునే కాగితంలో, కంపెనీ గురించి బయట చెడ్డగా మాట్లాడకూడదనే షరతు చాలాసార్లు ఉంటుంది. క్లయింటు పేరు చెప్పకపోవడమూ అందుకే మంచిది. రెండు రోజులు ఆరు గంటలైన లెక్క నిజమైతేనే రాయాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో మొదట దాని గురించే అడుగుతారు. ‘టీము తెచ్చింది, సగానికి పైగా స్క్రిప్టులు నావి’ అన్న తీరు నాకు నచ్చింది. ఎవరి వాటా ఎంతో చెప్పే మనిషిని మేనేజర్లు నమ్ముతారు.

‘వెంటనే చేరగలను’ అన్న మాటకు మన దగ్గర ప్రత్యేకమైన విలువ ఉంది. ఐటీ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 60, 90 రోజులు ఉండటం మామూలు. ప్రాజెక్టు మొదలైపోయి మనిషి కోసం చూస్తున్న మేనేజరుకు మూడు నెలలు ఆగే ఓపిక ఉండదు. ఉద్యోగం పోవడంలో కలిసొచ్చేది ఏదైనా ఉంటే అదొక్కటే. దాన్ని పోస్టులో రాయకుండా వదలకూడదు.

‘ఏ పనైనా చేస్తాను’ అన్న వాక్యం మాత్రం ఎంత కష్టంలోనూ రాయొద్దు. చదివేవారికి ఏ ఖాళీ గుర్తు తెచ్చుకోవాలో తెలియదు. రెండు రకాల పనికి సిద్ధంగా ఉంటే ఆ రెంటినీ పేర్లతో చెప్పాలి.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లు మరో రెండు సంగతులు కలపాలి: వీసా ట్రాన్స్‌ఫర్ కావాలని, ఏ తేదీలోగా అని. ఉద్యోగం ఆగాక వారికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94 అంతకుముందే ముగిస్తే గడువూ అప్పుడే ముగుస్తుంది. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి. లెక్క సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజు నుంచి మొదలవుతుంది. ఆ తర్వాత ఇచ్చే పరిహారపు సొమ్ము గడువును పొడిగించదు. సిగ్గుపడి తేదీ రాయకపోతే, ట్రాన్స్‌ఫర్ చేయని కంపెనీలతో మాట్లాడుతూనే సగం రోజులు గడిచిపోతాయి.

పోస్టు పెట్టాక చాలామంది తొందరపడే చోటు ఒకటుంది. ఒక కంపెనీలో ఖాళీ కనిపించగానే వెబ్‌సైటులో తామే అప్లై చేసి, తర్వాత అక్కడి మిత్రుణ్ని రిఫరల్ అడుగుతారు. చాలా కంపెనీల పోర్టళ్లలో అప్పటికే అప్లై చేసిన మనిషి రిఫరల్ చెల్లదు, మళ్లీ కొన్ని నెలలు ఆగాలి. ముందు మిత్రుడికి జాబ్ ఐడీ, రెజ్యూమె, ‘ఈ పనికి నేనెందుకు సరిపోతాను’ అని మూడు వాక్యాలు పంపాలి. వాటిని ఆయన పోర్టల్‌లో అలాగే అతికించగలగాలి. రిఫరల్ వల్ల రెజ్యూమె ఒక మనిషి కంట పడుతుంది, అంతే. ఎంపిక ఇంటర్వ్యూ మీదే ఉంటుంది.

అందరికీ కనిపించే పోస్టులో ఫోన్ నంబరు ఇవ్వకండి, మెయిల్ చాలు. ఉద్యోగం పోయిందని తెలియగానే మోసగాళ్లు వెతుక్కుంటూ వస్తారు. రిజిస్ట్రేషన్ ఫీజు అనో, ల్యాప్‌టాప్‌కు డిపాజిట్ అనో, బ్యాక్‌డోర్‌లో చేర్పిస్తామనో డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయాలి. ఉద్యోగమిచ్చే కంపెనీ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేయాలి.

ఇక, ఇలాంటి పోస్టు చదివే మనకు ఒక మనవి. ‘ధైర్యంగా ఉండండి’ అని రాసే ముందు మీ కంపెనీ ఖాళీల పేజీ ఒకసారి తెరిచి చూడండి. సరిపోయేది ఉంటే జాబ్ ఐడీ పంపి, మీ పేరు మీద రిఫర్ చేస్తానని చెప్పండి. లేకపోతే, ఆయనతో మీరు పనిచేసి ఉంటే, ఆయన ఏ పని బాగా చేస్తారో కామెంటులో రెండు వాక్యాలు రాయండి. మీ కామెంటు వల్ల ఆ పోస్టు మీకు తెలిసినవాళ్లకూ కనిపిస్తుంది, వాళ్లలో ఎవరి టీములోనైనా ఖాళీ ఉండొచ్చు.